ఎనిమిది నెలలు మూగబోయిన పచ్చళ్ళ పేజీ: ముందు పోస్టు కాదు, ఖాతా పుస్తకం తెరవండి

బెంగళూరులో ఇంటి వంటగదుల్లోంచి నడిచే తెలుగు పచ్చళ్ళ పేజీలు ఏప్రిల్, మే నెలల్లో ఊపిరి సలపనంత హడావిడిగా ఉంటాయి. ఆవకాయ బుకింగులు, మాగాయ బుకింగులు, మారతహళ్ళి నుంచి ఒకరు, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఇంకొకరు. జూన్ వచ్చేసరికి చేసేవాళ్ళకు ఓపిక అయిపోతుంది. పిల్లల బడులు మొదలవుతాయి, నాలుగైదు ఆర్డర్లు ఆలస్యమవుతాయి, ఆలస్యమైనవాళ్ళకు ఏం చెప్పాలో తోచక మెసేజ్‌లు తెరవడం మానేస్తారు. అక్కడితో పేజీ ఆగిపోతుంది. ఆగింది నాలుగు రోజులకే అనుకుంటారు గానీ, తిరిగి చూసుకునేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయి ఉంటాయి.

అలాంటి పేజీని మళ్ళీ నడపాలనుకున్నవాళ్ళు దాదాపు అందరూ మొదట చేసే పని ఒకటే. రంగురంగుల బొమ్మ మీద "మేం మళ్ళీ వచ్చేశాం" అని రాసి పోస్టు పెడతారు. ఆ పోస్టు చివర చేయాల్సిన పని అని నేను గట్టిగా నమ్ముతాను. అసలు చేయకపోయినా నష్టం లేదు. పాత ఫాలోవర్లను కలుపుకోవడం ఒక్కొక్కరికి విడిగా రాసే మెసేజ్‌తో మొదలవ్వాలి. అక్కడి నుంచి స్టోరీలకు, స్టోరీల నుంచి పోస్టులకు రావాలి. ఈ వరుస తలకిందులైతే ఎంత మంచి పచ్చడి చేసినా మొదటి నెలలోనే నీరసం వస్తుంది, పేజీ మళ్ళీ ఆగిపోతుంది.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక పేజీని ఊహించుకుందాం. కె.ఆర్.పురం వైపు రెండు గదుల ఇంట్లో నడిచే పచ్చళ్ళ పేజీ. ఇన్‌స్టాగ్రామ్‌లో 1,900 మంది ఫాలోవర్లు, ఫేస్‌బుక్‌లో ఓ 600 మంది. ఆర్డర్లన్నీ వాట్సాప్ బిజినెస్ నంబర్‌కు వస్తాయి. చివరి పోస్టు జూన్ మొదటి వారంలోది. ఖాతా పుస్తకంలో 130 మంది కొన్నవాళ్ళ పేర్లున్నాయి. ఈ పేజీకి ఉన్న అసలు ఆస్తి ఆ 130 పేర్లే, 1,900 కాదు.

ఎందుకంటే ఇన్‌స్టాగ్రామ్ మీ పోస్టును ఫాలోవర్లందరికీ వరసగా చూపించదు. ఆ సంస్థ అధిపతి ఆడమ్ మొస్సేరి 2021లోనూ 2023లోనూ ఈ సంగతి వివరంగా రాశారు. ఒక మనిషి ఏ ఖాతాతో ఈమధ్య మాట్లాడాడు, ఎవరి స్టోరీలు చూస్తున్నాడు, ఎవరికి జవాబిస్తున్నాడు, ఇవన్నీ చూసి వరస నిర్ణయమవుతుంది. ఎనిమిది నెలలుగా మీతో ఎవరికీ మాటామంతీ లేదు కాబట్టి ఫీడ్‌లో మీ వంతు బాగా వెనక్కి పోయి ఉంటుంది. మీరు కేకేసి చెప్పిన మాట కొద్దిమందికే వినబడుతుంది. విన్నవాళ్ళలో సగం మందికి మీరెవరో వెంటనే గుర్తురాదు, వేలితో పైకి నెట్టేస్తారు. అలా నెట్టేయడం కూడా ఆ లెక్కలోకే వెళుతుంది.

అదే ఒక పాత కొనుగోలుదారు మీ మెసేజ్‌కు ఇన్‌స్టాలో రెండు మాటలు జవాబిచ్చారనుకోండి. ఆ రోజు నుంచి మీ స్టోరీ వాళ్ళ ఫోన్‌లో పై వరసలో ముందుకు జరిగే అవకాశం ఉంటుంది. వాళ్ళు స్టోరీ చూస్తే తరవాతి పోస్టు కూడా కనబడుతుంది. ముందు మాట, ఆ తరవాతే చూపు. ప్రకటన పోస్టుతో మొదలుపెట్టినవాళ్ళు ఈ దారిని అవతలి కొస నుంచి నడవబోతారు.

సంక్రాంతికి వద్దు

ఎప్పుడు తెరవాలన్నది బెంగళూరులో కాస్త విడిగా ఆలోచించాల్సిన విషయం. చాలామందికి కొత్త సంవత్సరం, సంక్రాంతి మంచి ముహూర్తంలా తోస్తుంది. పచ్చళ్ళ పేజీకి అంతకంటే చెడ్డ సమయం లేదు. జనవరి రెండో వారానికి ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది ఊళ్ళకు వెళ్ళిపోతారు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ పెట్టిన సీసాలు, అత్తగారు కట్టిన పొడుల పొట్లాలు బ్యాగు నిండా ఉంటాయి. జనవరి నెలాఖరులో వాళ్ళ ఫ్రిజ్‌లో మీ పచ్చడికి చోటుండదు. మీ మీద కోపమేమీ లేదు, ఇంట్లో సరుకు ఉందంతే. మీకు మాత్రం ఎవరూ పలకలేదనే అనిపిస్తుంది.

ఫిబ్రవరి రెండో వారం తరవాత ఆ సీసాలు అడుగంటుతుంటాయి. పండుమిరపకాయలు బాగా దొరికే కాలం కూడా అదే. జనవరి నుంచి మార్చి దాకా వచ్చే కాయ అది, తరవాత ఎంత వెతికినా ఆ రంగు, ఆ గుజ్జు ఉండవు. ఫిబ్రవరిలో పండుమిరప పచ్చడితో తెరిస్తే ఉగాది నాటికి పాతవాళ్ళతో మాటలు కలుస్తాయి, ఏప్రిల్‌లో ఆవకాయ బుకింగు తీసుకునే ధైర్యం వస్తుంది. ఆవకాయ సమయంలోనే నేరుగా తెరుద్దామనుకుంటే, ఎనిమిది నెలలు జవాబివ్వని చోట ముందుగా డబ్బు కట్టడానికి ఎవరూ సాహసించరు. అడ్వాన్సు అడగాల్సిన సరుకుతో పేజీని తెరవకూడదు.

నోరు తెరవకముందు మూడు రోజుల పని

మొదట చూడాల్సింది ఫోన్ నంబర్. వ్యాపారం కోసం విడిగా తీసుకున్న రెండో సిమ్‌లో రీఛార్జి అయిపోయి ఉంటుంది. ప్రీపెయిడ్ నంబర్‌ను 90 రోజులు ఏ రకంగానూ వాడకుండా, అందులో తగినంత బ్యాలెన్సు కూడా లేకుండా వదిలేస్తే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. కొన్నాళ్ళకు అదే నంబర్ ఇంకొకరికి వెళ్ళిపోతుంది. వాట్సాప్ కూడా మామూలుగా 120 రోజులు వాడని ఖాతాను తీసేస్తుంది. అంటే మీ బయోలో ఉన్న నంబర్‌కు మెసేజ్ పెట్టిన కస్టమర్ ఎవరో పరాయి మనిషికి ఆవకాయ అడుగుతూ ఉండవచ్చు. ఇంకో ఫోన్ నుంచి ఆ నంబర్‌కు కాల్ చేసి, వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి చూడండి. రెండు టిక్కులు పడి, అది మీ చేతిలోని ఫోన్‌లో మోగితేనే ముందుకు వెళ్ళాలి. నంబర్ పోయి ఉంటే ఇన్‌స్టా బయో, ఫేస్‌బుక్ పేజీ, గూగుల్ మ్యాప్స్‌లో పెట్టిన వివరాలు, సీసాల మీది లేబుల్ అన్నింటా కొత్తది మార్చాలి. ఇన్‌స్టా ఖాతా ఓటీపీ ఆ పాత నంబర్‌కే వెళుతుంటే అన్నిటికంటే ముందు దాన్ని మార్చండి. ఏదో ఒక ఫోన్‌లో ఇంకా లాగిన్ అయి ఉన్నప్పుడే ఆ పని సులువుగా అవుతుంది.

తరవాత తాళాలు ఎవరి దగ్గరున్నాయో చూసుకోవాలి. రీల్స్ చేసిపెట్టిన తెలిసినవాళ్ళ అబ్బాయి, రెండు నెలలు సాయం చేసిన అమ్మాయి, ఎవరికో పేజీ అధికారం ఇచ్చి మరిచిపోయి ఉంటారు. ఫేస్‌బుక్ పేజీ సెట్టింగ్స్‌లో Page access అని ఉండేచోట ఆ పేర్లన్నీ కనబడతాయి. అక్కరలేనివి తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల లాగిన్ పెట్టుకోండి.

మూడోది పాత మాటల శుభ్రం. పిన్ చేసిన పోస్టుల్లో, హైలైట్లలో పోయినేడు ధరలుంటాయి. "డంజోలో పంపుతాం" అని రాసి ఉంటుంది, ఆ సేవ 2025 ఆరంభంలోనే ఆగిపోయింది. "ఈ ఆదివారం దాకా బుకింగులు" అన్న పోస్టు ఇంకా పైనే కూర్చుని ఉంటుంది. ఇలాంటివాటిని డిలీట్ చేయకుండా Archive చేయండి. లైకులు, కామెంట్లు పోకుండా మీకు మాత్రమే కనబడేలా ఉంటాయి, కావాలంటే మళ్ళీ బయటికి తీయొచ్చు. జనం మెచ్చుకున్న కామెంట్లున్న పోస్టులను కదిలించకండి. వాట్సాప్ బిజినెస్‌లో గ్రీటింగ్ మెసేజ్ ఒకసారి చదవండి. అది మొదటిసారి రాసినవాళ్ళకే గాక, 14 రోజులుగా మాట లేనివాళ్ళు మళ్ళీ రాసినప్పుడు కూడా వెళుతుంది. మీ పాత కస్టమర్లందరూ ఇప్పుడు ఆ కోవలోనే ఉన్నారు. ఆప్యాయంగా పలకరించినవాళ్ళకు ఏడాది కిందటి ధరల పట్టిక వెళితే బాగుండదు. ఇంటి ఆహారం అమ్ముతున్నారు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందో లేదో, లేబుల్ మీది 14 అంకెల నంబర్ అదేనో కాదో కూడా ఈ మూడు రోజుల్లోనే చూసుకోండి.

పేరు, లోగో మాత్రం ముట్టుకోవద్దు. కొత్త ఆరంభం అనగానే కొత్త లోగో, కొత్త రంగులు, వీలైతే కొత్త పేరు పెట్టాలని మనసు లాగుతుంది. పాత ఫాలోవర్‌కు మిమ్మల్ని గుర్తుపట్టే ఆధారం ఆ చిన్న గుండ్రటి బొమ్మ ఒక్కటే. అది కూడా మారిపోతే ఈ ఖాతాను ఎప్పుడు ఫాలో అయ్యానా అనుకుని అన్‌ఫాలో నొక్కేస్తారు. మార్చాలనుకుంటే ఆవకాయ బుకింగులు అయ్యాక మార్చండి. పాత పేజీ వదిలేసి కొత్తది తెరవాలన్న ఆలోచన కూడా ఇలాంటిదే. మీ వంట తిన్నవాళ్ళు వదిలిన మాటలన్నీ పాత పేజీలోనే ఉన్నాయి.

ముందు బాకీ తీరాలి

పేజీ ఆగిన చోట సాధారణంగా ఒక బాకీ ఉంటుంది. డబ్బు కట్టి సరుకు అందనివాళ్ళు, సీసా పగిలి నూనె కారి ఫొటో పంపితే జవాబు రానివాళ్ళు, అర కిలో అడిగితే పావు కిలో అందినవాళ్ళు. మన ఊహా పేజీలో అలాంటివాళ్ళు ఆరుగురున్నారనుకుందాం. మీరు ఎంత అందమైన పోస్టు పెట్టినా దాని కింద మొదటి కామెంటు వాళ్ళలో ఒకరిదే అవుతుంది. ఆ ఒక్క కామెంటు చదివినవాళ్ళు ఎవరూ మీకు డబ్బు పంపరు.

వీళ్ళకు మెసేజ్ పెట్టకముందే డబ్బు తిరిగి పంపండి. యూపీఐ హిస్టరీలో వాళ్ళు కట్టిన మొత్తం, తేదీ ఉంటాయి. ఆ మొత్తం పంపి, దాని కిందే రాయండి: "అండీ, మే నెలలో మీరు కట్టిన ఆవకాయ డబ్బు ఇది. అప్పుడు పంపలేకపోయాం, జవాబు కూడా ఇవ్వలేదు. తప్పు మాదే." అంతే. కొత్త పచ్చడి గురించి ఒక్క ముక్క కూడా అందులో ఉండకూడదు. డబ్బు తిరిగిచ్చిన నోటితోనే సరుకు అమ్మబోతే ఆ డబ్బు ఎర అయిపోతుంది. "డబ్బు వద్దు, దాని బదులు పచ్చడి పంపండి" అని వాళ్ళంతట వాళ్ళే అంటే అది వేరు, అప్పుడు మొదటి సీసా వాళ్ళదే.

ఫేస్‌బుక్ పేజీ ఇన్‌బాక్స్‌లో చిక్కు ఒకటుంది. చాలా రోజుల కిందటి సంభాషణలకు పేజీ తరఫున జవాబిచ్చే వీలు ఉండదు, అవతలివాళ్ళు మళ్ళీ రాస్తేనే తలుపు తెరుచుకుంటుంది. కాబట్టి అక్కడ ఫిర్యాదు చేసినవాళ్ళ నంబర్ ఖాతా పుస్తకంలో వెతికి వాట్సాప్‌లో రాయాలి. నంబర్ లేకపోతే వాళ్ళు పెట్టిన పాత కామెంటు కిందే జవాబివ్వాలి.

రోజుకు పదిమంది

ఇప్పుడు మిగతా పేర్లు. 130లో రెండోసారి, మూడోసారి కొన్నవాళ్ళను విడదీయండి. మన లెక్కలో 35 మంది అనుకుందాం. మొదటి మెసేజ్ వీళ్ళకే. ఒక్కసారి కొని మళ్ళీ రానివాళ్ళు ఎందుకు రాలేదో మీకు తెలియదు, వాళ్ళను తరవాత స్టోరీలు పలకరిస్తాయి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒకేసారి 256 మందికి పంపొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మీ నంబర్‌ను తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది అందుతుంది, మిగతావాళ్ళకు అసలు చేరదు. చేరలేదని మీకు తెలియదు కాబట్టి, పట్టించుకోలేదని అనుకుంటారు. ఒకే మాటను కాపీ చేసి వందమందికి విడివిడిగా అతికించడం ఇంకా ప్రమాదం. మిమ్మల్ని మరిచిపోయినవాళ్ళు కొందరు రిపోర్ట్ నొక్కుతారు, వాట్సాప్ నంబర్‌నే ఆపేసే ప్రమాదం ఉంది. అడగకుండా గ్రూపులో చేర్చడం గురించి చెప్పనే అక్కరలేదు.

రోజుకు పదిమంది చాలు. అది జవాబు వచ్చిన గంటలోపే మీరు తిరిగి మాట్లాడగలిగిన సంఖ్య. నలుగురు ఒకేసారి రాసి, మీరు వంటలో ఉండి సాయంత్రం దాకా చూడకపోతే, "వీళ్ళు మారలేదు" అని వాళ్ళకు రుజువైపోతుంది. ఇన్‌స్టాలో ఆర్డర్ ఇచ్చినవాళ్ళకు ఇన్‌స్టాలోనే, పాత సంభాషణ కిందే రాయండి. పైన వాళ్ళ ఆర్డర్, వాళ్ళు పంపిన పచ్చడి ఫొటో కనబడుతుంటాయి, మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోనక్కరలేదు.

మెసేజ్ దాదాపు ఇలా ఉంటే సరిపోతుంది:

"నమస్తే అండీ. పోయినేడు ఏప్రిల్‌లో మా దగ్గర రెండు ఆవకాయ సీసాలు, ఒక కందిపొడి తీసుకున్నారు. జూన్ నుంచి మేం ఆర్డర్లు తీసుకోలేదు, మెసేజ్‌లు కూడా చూడలేదు. ఈ వారం పండుమిరప పచ్చడి పెడుతున్నాం, నలభై సీసాలు. మీకొకటి పక్కన పెట్టమంటారా? పోయినేటి మీద సీసాకు ఇరవై రూపాయలు పెరిగింది. వద్దనుకుంటే చెప్పండి, మళ్ళీ మెసేజ్ పెట్టం."

ఇందులో ఏ వాక్యమూ ఊరికే లేదు. వాళ్ళు ఏం కొన్నారో చెప్పడం వల్ల ఇది అందరికీ పంపిన మెసేజ్ కాదని వెంటనే తెలుస్తుంది. ఎందుకు ఆగారన్న కథ ఒక్క వాక్యం దాటకూడదు, ఇంటి కష్టాలు రాస్తే అవతలివాళ్ళు ఓదార్చాల్సి వస్తుంది, పచ్చడి మాట పక్కకు పోతుంది. అడిగిన ప్రశ్న అవును, కాదు అనేంత చిన్నది. ధర పెరిగిన సంగతి ముందే ఉంది, ఎందుకంటే పోయినేడు ఎంతకు కొన్నారో వాళ్ళకు గుర్తుంటుంది. చివరి వాక్యం మాత్రం మాట మీద నిలబడాల్సింది. వద్దన్నవాళ్ళ చాట్‌కు లేబుల్ పెట్టి, నిజంగానే ఇక రాయకండి.

35 మందికి నాలుగు రోజులు పడుతుంది. ఎంతమంది కొన్నారన్నది ఈ దశలో పెద్ద విషయం కాదు, ఎంతమంది పలికారో చూడండి. "ఇప్పుడు వద్దండీ, ఊరి నుంచి తెచ్చుకున్నాం" అన్నది కూడా మంచి జవాబే. మూడింట ఒక వంతు కూడా పలకకపోతే ముందు టిక్కులు చూడండి. రోజుల తరబడి ఒక్క టిక్కే ఉంటే నంబర్ మారి ఉండవచ్చు, మిమ్మల్ని బ్లాక్ చేసి ఉండవచ్చు. రెండు టిక్కులు పడి మౌనంగా ఉన్నవాళ్ళే ఎక్కువైతే సమస్య పచ్చడి రుచిలోనో, పోయినేడు జరిగిన ఆలస్యంలోనో ఉంది. బాగా చనువున్న ఇద్దరికి ఫోన్ చేసి అడగండి. ఆ సంగతి తేలకుండా స్టోరీల దాకా వెళ్ళొద్దు.

పచ్చడి పెట్టే మూడు రోజులే స్టోరీలు

పండుమిరపతో తెరవమనడానికి కాలం ఒక్కటే కారణం కాదు. ఆ పచ్చడి పెట్టడమే మూడు రోజుల పని, ప్రతి రోజూ చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇన్‌స్టా స్టోరీ 24 గంటలు ఉంటుంది, రేపు దాని కొనసాగింపు ఉంటుందని చూసినవాళ్ళకు తెలుసు.

మొదటి రోజు కాయలు. తొడిమలతోనే కడిగి, గుడ్డ మీద పరిచి, తడి పూర్తిగా ఆరాకే తొడిమలు తీయాలి. ముందే తీస్తే నీళ్ళు కాయ లోపలికి పోయి పచ్చడి బూజు పడుతుంది. తెల్ల పంచె మీద ఆరుతున్న ఎర్రటి కాయలను కిటికీ వెలుతురులో పది సెకన్లు తీస్తే చాలు. పాట అక్కరలేదు, "తొడిమలు ఇప్పుడే ఎందుకు తీయలేదో చెప్పండి చూద్దాం" అని ప్రశ్న స్టిక్కర్ పెట్టండి. తెలిసినవాళ్ళు చెప్పకుండా ఉండలేరు. వచ్చిన ప్రతి జవాబుకూ విడిగా తిరిగి రాయండి, అప్పుడే అది సంభాషణగా మారుతుంది.

అదే సాయంత్రం ముక్కలు చేసి ఉప్పు, చింతపండు కలిపి జాడీలో పెట్టడం. కిలో కాయలకు పావు కిలో గింజలు తీసిన చింతపండు, 200 గ్రాములకు కాస్త పైన కల్లుప్పు. కొలతలు చెప్పడానికి వెనకాడకండి. కొలత తెలిసినంత మాత్రాన మారతహళ్ళి ఫ్లాట్‌లో ఎనిమిది గంటలు ఉద్యోగం చేసి వచ్చిన మనిషి మిరపకాయలు రుబ్బుకోదు. కొలత దాచని చోట మాత్రం నమ్మకం కుదురుతుంది. రెండో రోజు జాడీ మూత తీసి ఊట చూపించండి. మూడో రోజు రుబ్బడం, మెంతిపిండి కలపడం, నువ్వులనూనెలో ఆవాలు, ఇంగువతో పోపు. పోపు చిటపటల శబ్దం తీసేసి పైన సినిమా పాట వేయడం నాకెప్పుడూ అర్థం కాదు. తెలుగువాళ్ళకు ఆ శబ్దం కంటే ఆకలి పుట్టించేది ఏముంది?

ఇప్పుడు సీసాల లెక్క. ఎనిమిది కిలోల కాయలకు రెండు కిలోల చింతపండు, కిలోముప్పావు దాకా ఉప్పు పడతాయి. తొడిమలు, రుబ్బడంలో పోయేది తీసేసి, నూనె చేరాక పది కిలోలకు కాస్త పైన పచ్చడి వస్తుంది. పావు కిలో సీసాలు నలభై, చేతిలో కొద్దిగా మిగులు. మొదటి విడతలో ఇంతకు మించి చేయకండి. వీటిలో పాతికను ఆ 35 మంది కోసం ఉంచి, మిగతా పదిహేనుకే స్టోరీలో బుకింగు పెట్టండి. నలభై అన్నాక నలభై ఒకటో ఆర్డర్ వస్తే "వచ్చే విడతలో" అనాలి. జూన్‌లో పేజీ ఆగిపోయిందే ఒప్పుకోకూడనివి ఒప్పుకోవడం వల్ల.

పంపే రోజులు కూడా మీరే నిర్ణయించి ముందే చెప్పండి. శనివారం కె.ఆర్.పురం, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్. ఆదివారం బెళ్ళందూరు, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ. అడిగిన రోజు అడిగినచోటికి పంపుతామంటే బెంగళూరు ట్రాఫిక్‌లో డెలివరీ ఖర్చు సీసా లాభాన్ని మింగేస్తుంది.

మొదటి పోస్టు

సీసాలు అందాక, రెండో వారంలో మొదటి పోస్టు పెట్టండి. వేడి అన్నం మీద నెయ్యి, పక్కన ఈ పచ్చడి, వీలైతే కస్టమర్ పంపిన ఫొటోనే, వాళ్ళ అనుమతితో. కింద మూడు నాలుగు వాక్యాలు: జూన్ నుంచి ఆగాం, ఫిబ్రవరి నుంచి నెలకు రెండు విడతలు చేస్తున్నాం, తరవాతి విడత ఫలానా తేదీన, ఆర్డర్లు ఈ నంబర్‌కు. అప్పటికి మీతో ఈ పదిహేను రోజుల్లో మాట్లాడినవాళ్ళు కొందరుంటారు. వాళ్ళు కామెంటు పెడతారు, ఆ కామెంట్లు చూసి మిగతావాళ్ళు ధైర్యం చేస్తారు. అందుకే ఈ పోస్టు ఖాళీ పేజీ మీద కాక, కదులుతున్న పేజీ మీద పడాలి.

ఆ పోస్టు పెట్టిన రెండు మూడు రోజుల్లో కొందరు అన్‌ఫాలో అవుతారు. కంగారు పడకండి. వాళ్ళు ఎప్పుడో మానేసినవాళ్ళే, మీరు మౌనంగా ఉన్నారు కాబట్టి తీసేయాలని తట్టలేదు. బెంగళూరు వదిలి హైదరాబాద్ వెళ్ళిపోయినవాళ్ళు కూడా వాళ్ళలో ఉంటారు.

ఈ నెలలో డబ్బు పెట్టి బూస్ట్ చేయొద్దు. మీ దగ్గర అమ్మడానికి మిగిలిన సీసాలే పది, పదిహేను. గివ్‌అవే కూడా వద్దు, ఉచిత సీసా కోసం వచ్చినవాళ్ళు తరవాత ఏ పోస్టునూ చూడరు. తగ్గింపు ధరతో తెరవడం వీటన్నిటికంటే నష్టం. పాతవాళ్ళు మీ దగ్గర పూర్తి ధరకు కొన్నారు, రుచి చూసి మళ్ళీ వచ్చారు. వాళ్ళకు ఇప్పుడు ముప్పై శాతం తగ్గిస్తే, ఉగాదికి అసలు ధర చెప్పినప్పుడు అది పెరిగిన ధరలా కనబడుతుంది. ఏదైనా ఇవ్వాలనిపిస్తే మొదటి విడతలో కొన్నవాళ్ళ డబ్బాలో యాభై గ్రాముల కందిపొడి పొట్లం వేయండి. చెప్పకుండా వేయండి, వాళ్ళే స్టోరీ పెడతారు.

తరవాత వారానికి రెండు పోస్టులు, నాలుగైదు స్టోరీలు చాలు. పిల్లాడికి జ్వరం వచ్చిన వారంలో కూడా చేయగలిగిందే మీ అసలు వేగం. మొదటి వారం రోజుకో రీల్ పెట్టి మూడో వారం మాయమైతే, పోయిన జూన్ మళ్ళీ వచ్చిందని పాతవాళ్ళు అనుకుంటారు. విడత లేని వారంలో పాత పచ్చడి ఎలా నిలవ ఉందో చూపించండి, తడి చెంచా పెడితే ఏమవుతుందో చూపించండి, సీసా ఎలా కడిగి ఎండబెడతారో చూపించండి.

నెల తిరిగేసరికి మూడు విషయాలు చూసుకుంటే సరిపోతుంది. ఆ 35 మందిలో ఎంతమంది మళ్ళీ కొన్నారు, స్టోరీకి జవాబిచ్చేవాళ్ళు వారం వారం పెరుగుతున్నారా, ఖాతా పుస్తకంలో లేని కొత్త పేర్లు పాతవాళ్ళ మాట మీద వస్తున్నాయా. ఫాలోవర్ల సంఖ్య ఈ నెలలో కాస్త తగ్గినా ఫరవాలేదు. స్టోరీ చూసేవాళ్ళు పెరుగుతూ జవాబులు మాత్రం రాకపోతే మీరు చూపిస్తున్నారు గానీ అడగడం లేదని అర్థం. జవాబులు వస్తూ ఆర్డర్లు రాకపోతే ధరో, పంపే రోజో అడ్డుపడుతోంది. అలా జవాబిచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురిని నేరుగా అడిగితే ఏదో తెలిసిపోతుంది.

మార్చి నెలాఖరులో ఆవకాయ బుకింగు తెరిచేటప్పుడు ఒక పని ముందుగానే చేసి పెట్టుకోండి. ఎన్ని కిలోలు చేయగలరో, ఏ తేదీకి బుకింగు మూస్తారో పిన్ చేసిన పోస్టులో రాయండి. దాని కిందే "జూన్ 5 నుంచి జూలై 15 వరకు ఆర్డర్లు తీసుకోం, మెసేజ్‌లకు మాత్రం జవాబిస్తాం" అని కూడా రాయండి. వాట్సాప్ బిజినెస్‌లో అవే తేదీలకు Away message షెడ్యూల్ చేసి పెట్టండి. ఆ నెలన్నరలో వారానికి ఒక్క స్టోరీ, రోజూ సాయంత్రం పది నిమిషాలు ఇన్‌బాక్స్, అంతే పని. జూలై 16న తెరిచినప్పుడు మళ్ళీ 35 మందికి రాసుకుంటూ కూర్చోవాల్సిన అవసరం రాదు.